బీఎంఐ సరే, నడుమూ సరే, రెండూ కలిపితే కాదు: పర్లాకిమిడి నుంచి ఒక ఏబీఎస్ఐ కేసు

ఈ కేసులో ఉన్న ఇద్దరూ మా ప్రాక్టీసుకు వచ్చే తెలుగువాళ్లు. ఒకాయన ఒడిశాలోని పర్లాకిమిడి బజారులో బియ్యం, పప్పుల హోల్‌సేల్ షాపులో గుమాస్తా, వయసు 54. రెండో ఆయన ఈయన బావమరిది, సరిహద్దుకు అవతల ఆంధ్రలోని పాతపట్నంలో ఉంటారు, వయసు 51. వాళ్ల అనుమతితోనే రాస్తున్నాను. గుమాస్తాగారిని ఇక్కడ అప్పారావుగారు అంటాను, అది అసలు పేరు కాదు.

అప్పారావుగారు వచ్చింది తన కోసం కాదు. బావమరిదికి బీపీ చూపించడానికి తోడుగా వచ్చారు. వచ్చారు కదా అని ఇద్దరి బరువు, ఎత్తు, నడుము కొలిచాం. అప్పారావుగారి ఎత్తు 164 సెంటీమీటర్లు, బరువు 58 కిలోలు, నడుము 88 సెంటీమీటర్లు. బరువును మీటర్లలో ఉన్న ఎత్తు వర్గంతో భాగించి బీఎంఐ లెక్కేస్తే 21.6 వచ్చింది. మన దేశంలో 23 దాటితే అధిక బరువు అంటాం కాబట్టి ఈయన ఆ గీతకు బాగా కిందనే ఉన్నారు. మగవాళ్లకు నడుము 90 దాటితే ప్రమాదం అంటాం, అక్కడా రెండు సెంటీమీటర్లు ఇవతలే ఉన్నారు. రెండు పరీక్షలూ పాసయ్యారు. చాలా క్లినిక్కుల్లో ఆయన కార్డు మీద "నార్మల్" అని రాసి పంపేసేవాళ్లే.

కానీ చొక్కా విప్పినప్పుడు కనిపించిన మనిషి వేరు. చేతులు, తొడలు సన్నగా ఉన్నాయి, పిరుదులు దాదాపు లేవు, పొట్ట మాత్రం గుండ్రంగా ముందుకు వచ్చి ఉంది. భార్య పక్కనే ఉండి, "ఈయన పెళ్లప్పటి నుంచీ ఇంతే సన్నం డాక్టరుబాబూ, పొట్ట ఒక్కటే ఈ పదేళ్లలో వచ్చింది" అన్నారు. బరువు చూపే అంకెకూ, కళ్లకు కనిపించే ఆకారానికీ పొసగని ఇలాంటి మనుషుల దగ్గరే నేను ఏబీఎస్ఐ అనే ఆకార సూచిక లెక్కేస్తాను.

ఏబీఎస్ఐ అసలు ఏం అడుగుతుంది

పూర్తి పేరు "ఎ బాడీ షేప్ ఇండెక్స్". 2012లో అమెరికాకు చెందిన నిర్ క్రాకవర్, జెస్సీ క్రాకవర్ దీన్ని ప్రతిపాదించారు. అమెరికా ప్రభుత్వం నడిపే ఎన్‌హేన్స్ ఆరోగ్య సర్వేలో 1999 నుంచి 2004 వరకు కొలిచిన సుమారు 14 వేల మంది పెద్దల వివరాలు వాళ్లు తీసుకున్నారు. వాళ్లకు తట్టిన ఇబ్బంది ఇది. నడుము చుట్టుకొలత మంచి సూచికే, కానీ బరువు పెరిగితే నడుమూ పెరుగుతుంది. అందుకని నడుము కొలిచినా సగం మనం మళ్లీ బరువునే కొలుస్తున్నాం. బరువు, ఎత్తుల వల్ల రావలసిన భాగాన్ని నడుములోంచి తీసేస్తే మిగిలేదేమిటి? ఆ మిగిలిన భాగం ప్రాణానికి ముప్పు చెబుతుందా?

ఇది తేల్చడానికి వాళ్లు ఆ జనాభాలో నడుము, బరువు, ఎత్తులకు మధ్య సంబంధం ఎలా ఉందో లెక్క కట్టారు. నడుము బరువుతో పాటు పెరుగుతుంది గానీ అంతే వేగంతో కాదు, సుమారు మూడింట రెండు వంతుల ఘాతంతో పెరుగుతుంది. బరువు ఒకటే అయినప్పుడు ఎత్తు ఎక్కువున్న మనిషికి నడుము తక్కువ ఉంటుంది, అక్కడ ఘాతం ఆరింట ఐదు వంతులు. ఈ రెంటినీ చేర్చి, బీఎంఐ రూపంలోకి మార్చి రాస్తే సూత్రం ఇలా వస్తుంది:

```
ABSI = WC / (BMI^(2/3) × H^(1/2))
```

ఇందులో WC అంటే నడుము, H అంటే ఎత్తు, రెండూ మీటర్లలోనే ఉండాలి. అప్పారావుగారికి బీఎంఐ 21.56. దాని మూడింట రెండు ఘాతం 7.75. ఎత్తు 1.64కు వర్గమూలం 1.28. రెంటినీ గుణిస్తే 9.92. నడుము 0.88ని దీనితో భాగిస్తే 0.0887 వస్తుంది. ఆ అమెరికన్ సర్వేలో అందరి సగటు 0.0808, ప్రామాణిక విచలనం, అంటే సగటు చుట్టూ మనుషుల అంకెలు మామూలుగా ఎంత చెదిరి ఉంటాయన్న కొలత, 0.0053.

రోగికి ఈ అంకె చెప్పి ప్రయోజనం లేదు. సున్నా తర్వాత మళ్లీ సున్నా, ఆ తర్వాత ఎనిమిది ఎనిమిది అంటే ఎవరికి ఏం అర్థమవుతుంది? నేను దాన్ని తిరగేసి చెబుతాను. సగటు 0.0808ని అదే 9.92తో గుణిస్తే 0.80 మీటర్లు. అంటే ఈ ఎత్తు, ఈ బరువు ఉన్న మనిషికి మామూలుగా ఉండాల్సిన నడుము 80 సెంటీమీటర్లు. ఈయనకు ఉన్నది 88. ఆ ఎనిమిది సెంటీమీటర్లే ఏబీఎస్ఐ చెబుతున్న సంగతి. "మీ బరువుకు మీ నడుము ఎనిమిది సెంటీమీటర్లు ఎక్కువుందండీ" అంటే అప్పారావుగారికి వెంటనే తెలిసింది. "అంటే ఒళ్లంతా ఉండాల్సింది పొట్టలోకి చేరిందంటారు" అన్నారాయన. ఆయన అన్నదాంట్లో సగమే కొవ్వు గురించి. మిగతా సగం కండ గురించి. బరువు తక్కువగా ఉండి నడుము ఎక్కువగా ఉందంటే పొట్టలో కొవ్వు పెరిగి ఉండొచ్చు, కాళ్లూ చేతుల్లో కండ తగ్గి ఉండొచ్చు, చాలాసార్లు రెండూ జరిగి ఉంటాయి. ఏ పాలు ఎంతో ఏబీఎస్ఐ విడదీసి చెప్పలేదు.

మన దగ్గర ఇలాంటి శరీరాలు అరుదు కాదు. పుణెలోని డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్‌కు చెందిన జాన్ యుడ్కిన్ 2004లో లాన్సెట్ పత్రికలో తమ ఇద్దరి ఫొటోనే వేసి చూపించారు. ఇద్దరికీ బీఎంఐ సరిగ్గా 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. బీఎంఐ ఒక్కదాన్నే నమ్ముకుంటే మన జనంలో ఏం తప్పిపోతుందో చెప్పడానికి నేను ఇప్పటికీ ఆ ఫొటోనే చూపిస్తాను.

టేపు ఎక్కడ పెట్టాలి

సూత్రం కన్నా కొలతకే నేను ఎక్కువ టైము పెడతాను. ఏబీఎస్ఐ విలువలు అందరిలోనూ చాలా ఇరుకైన పరిధిలో ఉంటాయి. ప్రామాణిక విచలనమే సగటులో ఆరేడు శాతం. అప్పారావుగారి నడుములో ఒక్క సెంటీమీటరు తప్పు కొలిస్తే ఏబీఎస్ఐ 0.0010 మారుతుంది. నాలుగైదు సెంటీమీటర్లు తప్పితే సగటు మనిషి ప్రమాదంలో ఉన్న మనిషిగా, ప్రమాదంలో ఉన్న మనిషి సగటు మనిషిగా కనబడతారు. నడుము దగ్గర నాలుగు సెంటీమీటర్లు తప్పడం ఎంతసేపు?

అప్పారావుగారిని మొదట నడుము ఎంతని అడిగితే, "ఇరవై ఏళ్లుగా ప్యాంటు సైజు 32 అంగుళాలే" అన్నారు. 32 అంగుళాలంటే 81 సెంటీమీటర్లు. ఆయన ప్యాంటు పొట్ట కిందకు జారిపోయి తుంటి దగ్గర నిలబడుతోంది కాబట్టి ఇరవై ఏళ్లుగా సైజు మారలేదు. ఆ 81ని సూత్రంలో వేస్తే ఆయన ఏబీఎస్ఐ 0.0816 వచ్చి సగటు మనిషి అయిపోతారు. ఇంకొందరు మొలతాడు ఉన్నచోట కొలవమంటారు. పొట్ట ఉన్నవాళ్లకు మొలతాడు కూడా కిందికే జారి ఉంటుంది.

మా దగ్గర కొలిచే పద్ధతి చెబుతాను. పొద్దున ఏమీ తినకముందు రమ్మంటాం. చొక్కా తీయించి, ప్యాంటు లేదా లుంగీ ముడి కిందికి దించి, పక్కలనుంచి తుంటి ఎముక పైఅంచును వేలితో తడిమి పట్టుకుంటాం. ఆ ఎముకకు సరిగ్గా పైన, నేలకు సమాంతరంగా టేపు చుట్టి, మామూలుగా ఊపిరి వదిలిన తర్వాత చదువుతాం. పొట్ట లోపలికి లాక్కోవద్దని చెబితే సరిపోదు, మాటల్లో పెట్టి చదవాలి. రెండుసార్లు కొలుస్తాం, ఒక సెంటీమీటరు కన్నా తేడా వస్తే మూడోసారి. తుంటి ఎముక పైనే ఎందుకంటే ఎన్‌హేన్స్ సర్వేలో అక్కడే కొలిచారు, మనం పోల్చుకునే సగటు అక్కడిది. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే చోటు వేరు. అది చివరి పక్కటెముకకు, తుంటి ఎముకకు సరిగ్గా మధ్య. అప్పారావుగారికి ఈ రెండు చోట్లకూ తేడా ఒక్క సెంటీమీటరే వచ్చింది. ఆడవాళ్లలో ఈ తేడా ఇంకా ఎక్కువ ఉంటుంది. అందుకని ఏ చోటు ఎంచుకున్నా ప్రతిసారీ అదే చోట కొలవాలి, కార్డు మీద ఆ చోటు రాసి పెట్టాలి.

లెక్క కోసం మా కంపౌండరు కంప్యూటర్లో షీటు పెట్టుకున్నాడు. A గడిలో ఎత్తు మీటర్లలో, B గడిలో బరువు, C గడిలో నడుము మీటర్లలో ఉంటే సూత్రం ఇదీ:

```
=C2/((B2/A2^2)^(2/3)*A2^0.5)
```

జవాబు 8.87 అని వస్తే నడుము సెంటీమీటర్లలో వేశారని అర్థం. 0.0044 లాంటిది వస్తే 2/3 చుట్టూ బ్రాకెట్లు మరిచిపోయారు, కంప్యూటరు ముందు వర్గం చేసి తర్వాత మూడుతో భాగించింది. పెద్దవాళ్ల ఏబీఎస్ఐ మామూలుగా 0.07కు, 0.10కు మధ్య ఉంటుంది. ఆ బయట ఏది వచ్చినా మనిషిని అనుమానించే ముందు షీటునూ టేపునూ చూడాలి.

పొట్టలో ఉన్నది కొవ్వేనా

ఏబీఎస్ఐ ఎక్కువ వచ్చింది కాబట్టి కొవ్వు అని రాసేయకూడదు. టేపుకు కొవ్వు, నీరు, వాచిన అవయవం అన్నీ ఒకటే. మా గజపతి జిల్లా కొండ ప్రాంతంలో మలేరియా ఉంది. పదేపదే మలేరియా వచ్చినవాళ్లకు ప్లీహం పెరిగి ఎడమవైపు పొట్ట ఉబ్బి ఉంటుంది, మనిషేమో బక్కగా ఉంటాడు. ఏబీఎస్ఐ ఆకాశానికి వెళుతుంది. కాలేయం చెడి పొట్టలో నీరు చేరినవాళ్లదీ ఇదే ఆకారం, సన్నని కాళ్లూ చేతులు, పెద్ద పొట్ట. ఆడవాళ్లలో గర్భం, గర్భసంచిలో గడ్డలు చూసుకోవాలి. గర్భిణులకు ఈ సూచిక అసలు వర్తించదు, మూల అధ్యయనంలోనే వాళ్లను చేర్చలేదు.

అందుకని అప్పారావుగారిని పడుకోబెట్టి పొట్ట తట్టి చూశాను, పక్కకు తిప్పి మళ్లీ తట్టాను. నీటి జాడ లేదు, ప్లీహం చేతికి తగల్లేదు. అల్ట్రాసౌండ్ చేయిస్తే రెండో గ్రేడ్ ఫ్యాటీ లివర్ అని వచ్చింది. ఆయన మందు తాగరు, రోజుకు ఎనిమిది పది బీడీలు మాత్రం కాలుస్తారు. పొగతాగేవాళ్లకు బరువు తక్కువుండి పొట్ట ఎక్కువుండడం బాగా తెలిసిన సంగతే.

పరగడుపు షుగర్ 118, మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ 6.3, ట్రైగ్లిజరైడ్లు 210, మంచి కొలెస్ట్రాల్ 34, బీపీ 138/86. షుగర్ వ్యాధి అనే గీత దాటలేదు గానీ దాని గుమ్మంలోనే ఉన్నారు. ఇంకో పరీక్ష కూడా చేశాం. చేతులు గుండెల మీద కట్టుకుని కుర్చీలోంచి ఐదుసార్లు లేచి కూర్చోమన్నాం. 13 సెకన్లు పట్టింది. ఆసియా దేశాల వైద్యుల బృందం 2019లో పెట్టిన గీత ప్రకారం 12 సెకన్లు, అంతకు మించి పడితే కండ తగ్గిపోయే సమస్య ఉందేమోనని అనుమానించాలి. 54 ఏళ్లకు ఇది రాకూడని అంకె.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఈయన్ని పట్టుకోవడానికి ఏబీఎస్ఐ ఒక్కటే దారి కాదు. నడుమును ఎత్తుతో భాగిస్తే 88 బై 164, అంటే 0.54. నడుము ఎత్తులో సగం దాటకూడదన్న మామూలు నియమం కూడా ఈయన్ని ఆపేసేది. మొదటి జల్లెడగా ఎవరైనా ఆ నియమాన్నే వాడితే నాకు అభ్యంతరం లేదు. కాలిక్యులేటర్ అక్కర్లేదు, దారం ఉంటే చాలు. ఏబీఎస్ఐ ఉపయోగం ఆ తర్వాత, బరువు మారుతున్నప్పుడు లోపల ఏం జరుగుతోందో చూడటానికి వస్తుంది.

ముప్పు ఎంత

లెక్క విన్నాక అప్పారావుగారు అడిగిన ప్రశ్న అందరూ అడిగేదే. "అయితే బాబూ, నాకెంత టైముందంటారు?"

ఏబీఎస్ఐ ఆ జవాబు ఇవ్వదు. క్రాకవర్‌ల 2012 అధ్యయనంలో తేలింది ఇది: వయసుకూ, ఆడామగాకూ సరిచేసి చూసినప్పుడు, ఏబీఎస్ఐ ఒక ప్రామాణిక విచలనం పెరిగితే ఆ కొన్నేళ్లలో చనిపోయే అవకాశం సుమారు 33 శాతం పెరిగింది. బీఎంఐతో అలా నేరుగా పెరగదు. మరీ తక్కువ బరువుకూ, మరీ ఎక్కువ బరువుకూ రెండువైపులా ముప్పు ఉంటుంది, మధ్యలో తగ్గుతుంది. ఏబీఎస్ఐతో ముప్పు ఒకే దిక్కుగా పెరుగుతూ పోయింది. 2014లో వాళ్లే బ్రిటన్‌లో 1980లలో జరిగిన హెల్త్ అండ్ లైఫ్‌స్టైల్ సర్వే వివరాలతో మళ్లీ చూశారు. సుమారు 7 వేల మందిని 24 ఏళ్ల పాటు గమనించిన సమాచారం అది. అక్కడ ఒక విచలనానికి పెరుగుదల 13 శాతమే వచ్చింది. దిక్కు మారలేదు, పరిమాణం తగ్గింది. అందుకని నేను 33 అన్న అంకెను రోగికి చెప్పను.

అప్పారావుగారు సగటుకు సుమారు ఒకటిన్నర విచలనాలు పైన ఉన్నారు. అది కూడా ఉజ్జాయింపే. వయసుతో పాటు ఏబీఎస్ఐ సగటు పెరుగుతూ ఉంటుంది కాబట్టి, నిజానికి ఆయన్ని ఆయన వయసు మగవాళ్ల పట్టికతోనే పోల్చాలి. ఆ పట్టికలు అమెరికన్ సర్వేవి. మన జనంలో నడుముకూ బరువుకూ ఉన్న సంబంధం అచ్చంగా అలాగే ఉంటుందన్న హామీ లేదు. అందుకే నేను ఆయనకు ఇలా చెప్పాను: "ఇది ఎన్నేళ్లన్న లెక్క కాదండీ. మీలాంటి బరువే ఉండి పొట్ట లేనివాళ్లతో పోలిస్తే మీకు ముప్పు ఎక్కువ. మీ షుగరు, మీ కొలెస్ట్రాలు కూడా అదే మాట చెబుతున్నాయి."

బావమరిది లెక్క

అదే రోజు బావమరిదిని కూడా కొలిచామన్నాను కదా. ఎత్తు 166, బరువు 76, నడుము 94. బీఎంఐ 27.6. మన గీతల ప్రకారం ఊబకాయం. నడుము కూడా 90 దాటింది. బీపీ 150/94, పరగడుపు షుగర్ 104. ఏబీఎస్ఐ మాత్రం 0.0799, సగటు కన్నా కొంచెం తక్కువే. ఆ ఎత్తుకూ బరువుకూ రావలసిన నడుము 95 సెంటీమీటర్లు, ఆయనకు ఉన్నది 94.

ఈ అంకెను తప్పుగా చదివితే ప్రమాదం. "ఏబీఎస్ఐ బాగుంది కాబట్టి మీకేం లేదు" అంటే ఆయన బీపీ మందు వేసుకోవడం మానేసేవారు. సూచిక కట్టినప్పుడే బరువు ప్రభావాన్ని కావాలని తీసేశారు, అందుకే దానికి బీఎంఐతో దాదాపు సంబంధం ఉండదు. బరువు వల్ల వచ్చే బీపీని, షుగర్‌ను అది ఎలా చెబుతుంది? జపాన్‌లోనూ ఇండోనేషియాలోనూ చూసినప్పుడు బీపీ లాంటి జబ్బులను పసిగట్టడంలో ఏబీఎస్ఐ కన్నా మామూలు నడుము కొలత, బీఎంఐ మెరుగ్గా ఉన్నాయి. మరణ ముప్పు చెప్పడంలో మంచి పేరు తెచ్చుకున్న సూచికే జబ్బు చెప్పడంలో వెనకబడింది. ఈ రెంటికీ వైరుధ్యం లేదు. బీఎంఐ బరువు గురించి చెబుతుంది, ఏబీఎస్ఐ ఆకారం గురించి చెబుతుంది. ఒకటి లేకుండా రెండోది చదవడం సగం రిపోర్టు చదవడమే. మా కార్డులో ఈ రెండు గడులూ పక్కపక్కనే పెట్టించాను, ఏబీఎస్ఐ ఒక్కదాన్నే విడిగా రాయనివ్వను.

మూడు నెలల తర్వాత

మొదటి రోజు అప్పారావుగారికి చెప్పిన సలహా స్పష్టంగానే రాసిచ్చాం. బరువు తగ్గొద్దు, పొట్ట తగ్గాలి. రాత్రి అన్నం సగం చేయాలి, ఆ ఖాళీలో పప్పో గుడ్డో చేపో పెట్టాలి. సాయంత్రం ముఢీలో, అంటే మరమరాల్లో, కలిపే మిక్చరు, బజ్జీలు మానాలి. బీడీ మానాలి. వారంలో మూడు రోజులు కండకు పని చెప్పే వ్యాయామం చేయాలి.

ఆయన ఇంటికెళ్లాక జరిగింది వేరు. పొట్ట తగ్గాలన్నది ఒక్కటే మనసులో నిలిచింది. రాత్రి భోజనం పూర్తిగా మానేసి రెండు బిస్కెట్లు, టీతో సరిపెట్టారు. పొద్దునే గంటసేపు నడక మొదలుపెట్టారు. కండకు పని చెప్పే వ్యాయామాలు చేయలేదు. మూడు నెలల తర్వాత వచ్చేసరికి మనిషి సంతోషంగా ఉన్నారు. బరువు 58 నుంచి 54కు, నడుము 88 నుంచి 86కు తగ్గాయి. హెచ్‌బీఏ1సీ 6.2. షాపులో అందరూ మెచ్చుకున్నారట.

ఏబీఎస్ఐ 0.0909కి పెరిగింది.

54 కిలోల మనిషికి రావలసిన నడుము సుమారు 76. ఉన్నది 86. మొదట ఎనిమిది సెంటీమీటర్లు ఎక్కువుంటే ఇప్పుడు పది. అంటే పోయిన నాలుగు కిలోల్లో పొట్ట నుంచి పోయింది కొంచెమే, ఎక్కువ భాగం కండ నుంచి పోయి ఉండాలి. ఇది టేపు పొరపాటా అని ముందు అనుమానించాను, ఎందుకంటే ఈ మార్పు రెండు సెంటీమీటర్ల తేడాతో సమానం. మళ్లీ కొలిపించాను, అదే 86. కుర్చీ పరీక్షకు ఈసారి 15 సెకన్లు పట్టింది. మెట్లెక్కేటప్పుడు తొడలు లాగుతున్నాయని ఆయనే చెప్పారు. మూడు ఆధారాలూ ఒకే వైపు చూపిస్తుంటే నమ్మక తప్పదు.

బీడీ కాల్చే మనిషి నాలుగు కిలోలు తగ్గి వస్తే డైటింగ్ వల్లే అనుకుని ఊరుకోకూడదు కూడా. ఛాతీ ఎక్స్‌రే తీయించాం, కఫం పరీక్ష చేయించాం. టీబీ లేదు.

ఇలాంటి చోటే ఏబీఎస్ఐ తన విలువ చూపిస్తుంది. బరువు తగ్గింది, బీఎంఐ తగ్గింది, నడుము తగ్గింది, నడుము–ఎత్తు నిష్పత్తి కూడా తగ్గింది, షుగరు కూడా ఒక పిసరు తగ్గింది. ఐదు అంకెలూ శభాష్ అంటుంటే ఆకారం చెడిపోతోందని చెప్పింది ఈ ఒక్కటే. బ్రిటన్ సర్వేలో ఏడేళ్ల తేడాతో రెండుసార్లు కొలిచినవాళ్లు ఉన్నారు. వాళ్లలో ఏబీఎస్ఐ పెరిగినవాళ్లకు మరణ ముప్పు ఎక్కువ ఉందని 2014 నాటి ఆ అధ్యయనంలోనే చూపించారు. ఒక్కసారి కొలిచిన అంకె కన్నా, అదే మనిషిలో అది ఎటు కదులుతోందన్నది నాకు ఎక్కువ పనికొస్తుంది. అమెరికన్ సగటు మనకు సరిపోతుందా లేదా అన్న గొడవ కూడా అక్కడ తగ్గుతుంది, ఎందుకంటే మనిషిని తనతో తననే పోలుస్తున్నాం.

ఈసారి భార్యతోనే మాట్లాడాం. "ఆయన రాత్రి తినకపోతే కండ కరుగుతుందమ్మా, పొట్ట కాదు" అంటే ఆవిడకు ఒక్కమాటలో ఎక్కింది. రోజుకు 60 గ్రాముల మాంసకృత్తులు అందేలా వాళ్లింట్లో దొరికే వాటితోనే పట్టిక వేశాం. పొద్దున రెండు గుడ్లు, మధ్యాహ్నం గట్టి పప్పు, వారంలో రెండు రోజులు చేప, మిగతా రోజుల్లో ఉలవచారో సెనగలో, రాత్రి ఒక కప్పు అన్నంతో పాటు పెరుగు. కిడ్నీ పరీక్ష మామూలుగా ఉందని చూసుకునే ఇది చెప్పాం. వ్యాయామం మా ఫిజియోథెరపిస్టు దగ్గరుండి నేర్పించారు. కుర్చీలోంచి లేవడం పది సార్లు, గోడకు చేతులు ఆనించి నెట్టడం పది సార్లు, చెరో చేతిలో నీళ్ల బకెట్ పట్టుకుని వరండాలో నడవడం, ఇవన్నీ మూడు విడతలు. నీళ్లు మొదట సగం బకెట్, రెండు వారాలకోసారి కొంచెం పెంచాలి. నడక ఆపమనలేదు, అరగంటకు తగ్గించాం. బీడీలు రెండుకు వచ్చాయి, తర్వాత మానేశారు.

మొదటి రోజు నుంచి ఏడాది అయ్యేసరికి బరువు 57, నడుము 83, ఏబీఎస్ఐ 0.0846. ఆ బరువుకు రావలసిన నడుము 79, తేడా ఎనిమిది నుంచి నాలుగుకు వచ్చింది. కుర్చీ పరీక్ష 11 సెకన్లు. హెచ్‌బీఏ1సీ 5.9, ట్రైగ్లిజరైడ్లు 160. బరువు యంత్రం మీద చూస్తే ఏడాదిలో తగ్గింది ఒక్క కిలోనే. షాపులో ఇప్పుడెవరూ ఏమీ అనడం లేదని ఆయన కొంచెం నిరాశగానే చెప్పారు. ఏబీఎస్ఐ ఇంకా సగటుకు పైనే ఉంది, అది 0.0808కి రావాలని మేం పట్టుబట్టడం లేదు. ఆరు నెలలకోసారి అదే టేపు, అదే చోటు, పొద్దునపూటే కొలుస్తాం. 0.0010 లోపు మార్పు వస్తే టేపు తేడా కింద వదిలేస్తాం, 0.0020 దాటితే కుర్చీ పరీక్ష మళ్లీ చేస్తాం.

బావమరిది కూడా ఆ ఏడాదిలో బాగా కష్టపడ్డారు. బీపీ మందు వేసుకున్నారు, ఉప్పు తగ్గించారు, ఆరు కిలోలు తగ్గి 70కి వచ్చారు. నడుము 94 నుంచి 89కి దిగింది, బీపీ 136/86. ఆయన ఏబీఎస్ఐ మొదటి రోజు 0.0799, ఏడాది తర్వాతా 0.0799. తగ్గిన బరువుకు తగ్గట్టే నడుమూ తగ్గితే ఆ సూచిక కదలదు, కండ ఎక్కువగా పోలేదనుకోవచ్చు, అది మంచి వార్తే. ఆయన మెరుగుదలంతా బీఎంఐ గడిలో, 27.6 నుంచి 25.4కు దిగిన అంకెలో ఉంది.

ఇద్దరి కార్డులూ పక్కపక్కన పెట్టి చూపించినప్పుడు అప్పారావుగారు అడిగారు, "మా బావమరిది అంకె కదల్లేదు, నాది కదిలింది, ఎవరు బాగుపడినట్టు బాబూ?" ఇద్దరూ బాగుపడ్డారని, ఆయనది ఏబీఎస్ఐ గడిలో చూడాలని, బావమరిదిది బీఎంఐ గడిలో చూడాలని చెప్పాను. బావమరిది బీపీ మాత్ర మోతాదు తగ్గించవచ్చా అన్నది వచ్చే విజిట్‌లో, ఇంటి దగ్గర రెండు వారాల రీడింగులు రాసి తెచ్చాక చూస్తాం.